త్రైమాసిక రివ్యూ మినిట్స్: రెండు వైపులా ఒప్పుకోని అంకెను, "ట్రై చేస్తాం" అన్న మాటను ఎలా రాయాలి

ప్రశ్న: మా టీమ్ ఒక క్లయింట్ అప్లికేషన్‌కి సపోర్ట్ ఇస్తుంది. జులై–సెప్టెంబర్ రివ్యూ మినిట్స్ మొదటిసారి నేను రాస్తున్నాను. మా రిపోర్ట్‌లో అవైలబిలిటీ 99.91 శాతం, టార్గెట్ 99.9. క్లయింట్ మాత్రం 99.85 అని రాయమంటున్నారు. డౌన్‌టైమ్ జులైలో 22, ఆగస్టులో 38, సెప్టెంబర్‌లో 65 నిమిషాలు. ఇవి కాక సెప్టెంబర్‌లో 70 నిమిషాల మెయింటెనెన్స్ జరిగింది, దానికి నాలుగు రోజుల ముందు మెయిల్ పెట్టాం. పైగా పీ1, అంటే అన్నిటికంటే అత్యవసరమైన టికెట్లు ఇకపై నాలుగు గంటల్లో కాదు, రెండు గంటల్లోనే తేలుస్తామని మా డెలివరీ హెడ్ మాటిచ్చారని క్లయింట్ అంటున్నారు. ఆయనేమో "ట్రై చేస్తామని మాత్రమే అన్నాను" అంటున్నారు. మా మేనేజర్ "కాస్త మెత్తగా రాసి పంపెయ్" అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా రాయాలి?

సమాధానం:

మెత్తగా రాయకండి. ఘాటుగానూ వద్దు. నేను తొమ్మిదేళ్లు సర్వీస్ ఇచ్చే వైపు, ఐదేళ్లు క్లయింట్ వైపు కూర్చుని ఈ మినిట్స్ రాశాను, అందుకున్నాను, వాటి మీద గొడవలూ పడ్డాను. మీటింగ్‌లో ఉన్నవాళ్లకు మినిట్స్‌తో పెద్ద పని ఉండదు, ఏం జరిగిందో వాళ్లకు గుర్తే. వాటిని నిజంగా చదివేది ఆరు నెలల తర్వాత వచ్చే కొత్త మేనేజరో, బిల్లు ఆపిన ఫైనాన్స్ వాళ్లో, కాంట్రాక్ట్ రెన్యువల్ చూసే మనిషో. ఆ గదిలో లేని మనిషి చదివి, ఎవరికీ ఫోన్ చేయకుండా అర్థం చేసుకోగలగాలి. మీ రెండు సమస్యలనూ ఈ దృష్టితోనే చూద్దాం.

ముందు అంకె సంగతి. జులై నుంచి సెప్టెంబర్ వరకు 92 రోజులు, అంటే 1,32,480 నిమిషాలు. అందులో 99.9 శాతం నడవాలంటే మొత్తం మీద 132 నిమిషాల వరకు ఆగొచ్చు. మీ మూడు నెలల డౌన్‌టైమ్ 125 నిమిషాలు కాబట్టి 99.91 వస్తుంది, టార్గెట్ అందినట్టే. మెయింటెనెన్స్ 70 నిమిషాలు కలిపితే 195 అవుతుంది, అప్పుడు 99.85, టార్గెట్ తప్పినట్టు. ఇద్దరి లెక్కా సరైనదే. గొడవ శాతం మీద కాదు, ఆ 70 నిమిషాలను ఏ గాటన కట్టాలన్న దాని మీద. ఈ ఒక్క విషయం మీరు క్లయింట్‌కు చెప్పగలిగితే సగం వేడి అక్కడే చల్లారుతుంది, ఎందుకంటే వాళ్లు బహుశా మీ రిపోర్టునే అనుమానిస్తున్నారు.

కానీ అంతకంటే ముందు చూడాల్సింది ఒకటుంది. కాంట్రాక్ట్ తెరిచి, అవైలబిలిటీని నెలకొకసారి కొలవాలని ఉందా, మూడు నెలలకు కలిపి కొలవాలని ఉందా చూడండి. నేను చూసిన కాంట్రాక్టుల్లో ఎక్కువ భాగం నెలవారీ కొలతే. రివ్యూ మూడు నెలలకొకసారి జరుగుతుంది కాబట్టి స్లైడ్‌లో మూడు నెలల సగటు పెట్టేయడం అలవాటైపోయింది. మీది నెలవారీ అయితే కథ మారిపోతుంది. సెప్టెంబర్‌కు 30 రోజులు, 43,200 నిమిషాలు, వెసులుబాటు 43 నిమిషాలే. మెయింటెనెన్స్ సంగతి పక్కన పెట్టినా 65 నిమిషాలు ఆగింది. సెప్టెంబర్ 99.85 శాతం, టార్గెట్ తప్పింది. ఆ 70 కూడా కలిస్తే 99.69. జులై, ఆగస్టు మాత్రం 99.95, 99.91తో బాగానే ఉన్నాయి.

అంటే నెలవారీ కాంట్రాక్ట్ అయితే మీరు 99.91 అని రాసి పంపడం పొరపాటు, అందులో క్లయింట్ కోరికతో పనిలేదు. 99.85 అని మూడు నెలలకు కలిపి రాయడమూ పొరపాటే. ఇద్దరూ కాంట్రాక్ట్‌లో లేని అంకె కోసం వాదించుకుంటున్నారన్న మాట. ఇది బయటపడితే మీ మేనేజర్‌కు ముందు మీరే చెప్పండి, క్లయింట్ కనిపెట్టే దాకా ఆగొద్దు. టార్గెట్ తప్పినందుకు బిల్లులో తగ్గించే సర్వీస్ క్రెడిట్ ఉంటే అది సెప్టెంబర్ ఒక్క నెలకే లెక్క కడతారు, మూడు నెలల బిల్లుకు కాదు. కాబట్టి నిజం చెప్పడం వల్ల మీ సంస్థకు జరిగే నష్టం మీరు భయపడేదానికంటే చిన్నదే కావచ్చు.

తర్వాత ఆ 70 నిమిషాలు. ముందుగా చెప్పి చేసిన మెయింటెనెన్స్‌ను డౌన్‌టైమ్‌లో కలపకూడదని దాదాపు ప్రతి కాంట్రాక్ట్‌లోనూ ఉంటుంది, కానీ ఆ మినహాయింపుకు షరతు ఉంటుంది. ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏ వేళల్లో చేయాలి, క్లయింట్ ఒప్పుకోవాలా, తెలియజేస్తే చాలా. మీరు నాలుగు రోజుల ముందు మెయిల్ పెట్టారు. కాంట్రాక్ట్‌లో ఐదు పనిదినాలు అని ఉంటే ఆ మినహాయింపు మీకు వర్తించదు, 70 నిమిషాలూ డౌన్‌టైమే. "వాళ్లు అభ్యంతరం చెప్పలేదు కదా" అన్న వాదన నిలబడదు. వాళ్లు "సరే, చేసుకోండి" అని తిరిగి మెయిల్ ఇచ్చి ఉంటే మాత్రం మాట్లాడటానికి మీకు చోటుంది. కాంట్రాక్ట్‌లో "ముందుగా తెలియజేయాలి" అని మాత్రమే ఉండి రోజుల లెక్క లేకపోతే, అది నిజంగానే తేలని విషయం. అలాంటప్పుడు మీరు తీర్పు చెప్పకండి, ఇద్దరి మాటా రాయండి. రోజుల లెక్క లేని ఆ కాంట్రాక్ట్, నెలవారీ కొలత అనుకుంటే ఇలా ఉండొచ్చు:

> అవైలబిలిటీ (నెలవారీ, టార్గెట్ 99.9): జులై 99.95, ఆగస్టు 99.91. సెప్టెంబర్‌లో అనుకోని డౌన్‌టైమ్ 65 నిమిషాలు, అంటే 99.85, టార్గెట్ అందలేదు. సెప్టెంబర్‌లో జరిగిన 70 నిమిషాల మెయింటెనెన్స్‌ను డౌన్‌టైమ్‌గా లెక్కించాలని క్లయింట్ అభిప్రాయం (అప్పుడు 99.69). నాలుగు రోజుల ముందు తెలియజేశాం కాబట్టి లెక్కించనక్కర్లేదని సర్వీస్ టీమ్ అభిప్రాయం. ఈ విషయం తేలలేదు. రెండు వైపుల కాంట్రాక్ట్ మేనేజర్లు అక్టోబర్ 24లోగా తేలుస్తారు.

ఇందులో "తేలలేదు" అన్న మాటే మీకు రక్ష. చాలామంది ఆ మాట రాయడానికి భయపడతారు, మీటింగ్ విఫలమైనట్టు కనిపిస్తుందని. నా దృష్టిలో ఒప్పుకోని విషయాన్ని ఒప్పుకున్నట్టు రాయడమే అసలు వైఫల్యం. కానీ "తేలలేదు" అని రాసినప్పుడు దాని పక్కన ఎవరు తేలుస్తారు, ఎప్పటికి అన్నవి తప్పకుండా ఉండాలి. లేకపోతే అదే వాక్యం వచ్చే నాలుగు మినిట్స్‌లోనూ కాపీ అవుతూ ఉంటుంది.

ఒక చిన్న విషయం, దశాంశాల గురించి. మూడు నెలలకు కలిపిన ఆ 99.85ను ఒకే దశాంశంతో చూపిస్తే 99.9 అని కనిపిస్తుంది, స్లైడ్‌లో పచ్చరంగు పడిపోతుంది. ఎక్సెల్ సెల్ ఫార్మాట్ వల్ల ఇలా జరగడం నేను రెండుసార్లు చూశాను, ఎవరూ కావాలని చేసింది కాదు. శాతం పక్కన నిమిషాలు కూడా రాస్తే ఈ బాధ ఉండదు. నిమిషాలను ఎవరైనా మళ్లీ లెక్క కట్టుకోవచ్చు.

ఇక రెండు గంటల మాట. ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే రెండు రకాల ఒత్తిడి మీ మీద పడుతుంది. క్లయింట్ "కమిట్ అయ్యారు" అని రాయమంటారు. మీ వాళ్లు ఇప్పుడు తీరిగ్గా ఆలోచించుకుని, "ఫలానా యాక్సెస్ ఇస్తేనే అని రాయి" అంటారు. రెండోది కూడా తప్పే. మీటింగ్‌లో ఎవరూ అనని షరతును, అన్నట్టుగా మినిట్స్‌లో పెట్టకూడదు. క్లయింట్‌కు గుర్తుంటుంది, ఒక్కసారి అలా దొరికిపోతే మీరు రాసిన మిగతా పేజీని కూడా నమ్మరు.

మీటింగ్‌లో అన్నది అన్నట్టు ఒక వాక్యంలో రాయండి. తర్వాత తెలిసిన, ఆలోచించిన విషయాలను "సమావేశం తర్వాతి స్పష్టత" అని విడిగా, తేదీ వేసి రాయండి. అది నిజాయితీగా ఉంటుంది, మీ సంస్థకు కావాల్సిన రక్షణా దొరుకుతుంది. అది రాసే ముందు మీ డెలివరీ హెడ్ దగ్గర పది నిమిషాలు కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: "సార్, రెండు గంటల్లో అవ్వాలంటే ఏం ఉండాలి?" ఇలాంటి మాట వెనక దాదాపు ఎప్పుడూ క్లయింట్ చేయాల్సిన పని ఒకటి ఉంటుంది. ప్రొడక్షన్ లాగ్స్ చూసే అనుమతి లేక మొదటి గంట అడుక్కోవడంలోనే పోతుంటుంది. లేదా అర్ధరాత్రి మార్పుకు అప్రూవల్ ఇచ్చే మనిషి ఉండరు. పీ1 టికెట్లు ఐదారు తీసి ఏ దశలో ఎంతసేపు పట్టిందో చూస్తే అది మీకే కనిపిస్తుంది. లాగ్స్ యాక్సెస్ అడ్డు అని తేలిందనుకుందాం, అప్పుడు:

> పీ1 పరిష్కార సమయాన్ని 4 గంటల నుంచి 2 గంటలకు తగ్గించాలని క్లయింట్ కోరారు. ప్రయత్నిస్తామని డెలివరీ హెడ్ చెప్పారు.
>
> సమావేశం తర్వాతి స్పష్టత (అక్టోబర్ 16): సర్వీస్ టీమ్ ప్రతిపాదన ఏమిటంటే, నవంబర్ 1 నుంచి జనవరి 31 వరకు 2 గంటల లక్ష్యంతో పనిచేసి, ప్రతి నెల ఫలితాలను చూపిస్తుంది. ఇందుకు ప్రొడక్షన్ లాగ్స్ చదివే యాక్సెస్ అక్టోబర్ 28లోగా కావాలి. యాక్సెస్ ఎన్ని రోజులు ఆలస్యమైతే ఈ ట్రయల్ మొదలు, ముగింపు అన్ని రోజులు ఆలస్యమవుతాయి. కాంట్రాక్ట్‌లోని 4 గంటల టార్గెట్, సర్వీస్ క్రెడిట్లు ఈ కాలంలో మారవు. క్లయింట్ సమ్మతి రావాల్సి ఉంది.

ఇందులో చివరి రెండు వాక్యాలు వదలొద్దు. కాంట్రాక్ట్‌ను ఇద్దరూ సంతకం పెట్టిన సవరణతోనే మార్చాలని సాధారణంగా ఉంటుంది, కాబట్టి మినిట్స్‌లో ఒక వాక్యం రాసినంత మాత్రాన టార్గెట్ మారిపోదని మీ లీగల్ వాళ్లు అనొచ్చు. నిజమే కావచ్చు. కానీ తగవు వచ్చినప్పుడు ఆ మినిట్స్ "మీరే ఒప్పుకున్నారు కదా" అని చూపించే కాగితం అవుతుంది. అందుకే టార్గెట్ మారలేదన్న సంగతి అక్కడే ఉండాలి.

"పరిష్కారం" అంటే ఏమిటో కూడా ఈ సందర్భంలోనే తేల్చుకోండి. సర్వీస్ మళ్లీ నడవడమా, కారణం కనుక్కుని శాశ్వతంగా సరిచేయడమా? క్లయింట్ రెండోది అనుకుంటూ మీరు మొదటిది కొలుస్తూ ఉంటే, రెండు గంటలు కాదు, ఎన్ని గంటలు రాసినా వచ్చే త్రైమాసికంలో ఇదే గొడవ.

క్లయింట్ చేయాల్సిన పనులు రాయడంలో మన వాళ్లకు ఒక మొహమాటం ఉంటుంది. మన పనులకు పేర్లు, తేదీలు వేస్తాం, వాళ్ల పని దగ్గరకు వచ్చేసరికి "క్లయింట్ సహకరిస్తారు" అని వదిలేస్తాం. దీనికి నేను మూల్యం కట్టాను. కెరీర్ తొలి రోజుల్లో ఒక ప్రాజెక్టులో "టెస్ట్ డేటా క్లయింట్ టీమ్ త్వరలో ఇస్తుంది" అని రాశాను. పేరు లేదు, తేదీ లేదు. రెండు త్రైమాసికాలు డేటా రాలేదు, మా పని ఆగిపోయింది. ఈలోగా వాళ్ల మేనేజర్ మారారు. కొత్తగా వచ్చినాయన మినిట్స్ తెరిచి, మా వైపు నాలుగు పనులకు గడువు దాటిందని, తమ వైపు గడువు దాటింది ఒక్కటీ లేదని చూపించారు. ఆయన చదివింది చదివినట్టే చెప్పారు, ఆయన తప్పేం లేదు. తేదీ లేని పనికి గడువు దాటడం అనేదే ఉండదు కదా. ఆ త్రైమాసికం మా టీమ్‌లో ఇద్దరు పిల్లలు రాత్రిళ్లు కూర్చుని చేసిన పనంతా ఆలస్యం కింద లెక్కయింది. వాళ్ల మొహాలు నాకింకా గుర్తున్నాయి.

అప్పటి నుంచి రెండు వైపుల పనులకూ ఒకటే పట్టిక పెడతాను, ఒకటే కొలత. పని ఏమిటి, ఏ వైపు, ఏ మనిషి, ఏ తేదీ, ఏం చేస్తే అయినట్టు లెక్క. చివరిదే జనం మర్చిపోతారు. "యాక్సెస్ ఇవ్వాలి" అని కాక "మా ఇద్దరు ఇంజనీర్లు లాగిన్ అయి ఈ రోజు లాగ్ చదవగలగాలి" అని రాస్తే, రిక్వెస్ట్ పెట్టామని చెప్పి పని మూసేయడం కుదరదు. క్లయింట్ మనిషి పేరు రాయడానికి మొహమాటంగా ఉంటే మీటింగ్‌లోనే "సార్, ఇది ఎవరి పేరు మీద రాసుకోమంటారు?" అని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఇప్పుడు మీటింగ్ అయిపోయింది కాబట్టి డ్రాఫ్ట్ పంపే ముందు ఒక ఫోన్ చేసి అడగండి.

ఓపెన్ ఇష్యూల గురించి మీరు అడగలేదు కానీ, మొదటిసారి రాస్తున్నారు కాబట్టి ఒక్కటి చెబుతాను. పాత ఇష్యూకు కొత్త పేరు పెట్టకండి. "రాత్రి రిపోర్ట్ ఆలస్యం" అని ఏప్రిల్‌లో తెరిచినది జులైలో "రిపోర్ట్ పనితీరు మెరుగుదల" అయి, అక్టోబర్‌లో "బ్యాచ్ ట్యూనింగ్" అవుతుంది. ప్రతిసారీ కొత్త నంబర్, కొత్త తేదీ. చూస్తే ఏదీ మూడు నెలలు దాటినట్టు ఉండదు, క్లయింట్ వాళ్ల రిపోర్ట్ మాత్రం ఏడు నెలలుగా ఆలస్యమే. మొదటి నంబర్, మొదటి తేదీ అలాగే ఉంచి, ఈ త్రైమాసికంలో ఏం మారిందో ఒక వాక్యం చేర్చండి. మూసేటప్పుడు కూడా, మీరు సరిచేసిన తేదీ వేరు, క్లయింట్ చూసి అవునన్న తేదీ వేరు. రెండోది వచ్చాకే "క్లోజ్డ్" అని రాయాలి. కారణం ఇంకా తేలని ఇష్యూకు ఊహ రాయొద్దు. "నెట్‌వర్క్ వల్ల కావచ్చు" అన్న మాట మినిట్స్‌లోకి ఎక్కితే క్లయింట్ నెట్‌వర్క్ టీమ్ మీద నింద పడుతుంది, తర్వాత అది మీ కోడ్‌లోని తప్పని తేలితే ముఖం ఎత్తుకోలేరు.

పంపడం గురించి. మీటింగ్ అయిన రెండు పనిదినాల్లో డ్రాఫ్ట్ వెళ్లిపోవాలి. వారం దాటితే ఎవరి జ్ఞాపకం వారిదవుతుంది, మీ డెలివరీ హెడ్, క్లయింట్ విషయంలో ఇప్పుడు జరుగుతున్నది అదే. "మూడు రోజుల్లో స్పందించకపోతే ఒప్పుకున్నట్టు భావిస్తాం" అన్న వాక్యం చాలామంది పెడతారు. మామూలు విషయాలకు పర్వాలేదు. కానీ తేలని అంకె, రెండు వైపుల కమిట్‌మెంట్లు, వీటికి మాత్రం మౌనాన్ని నమ్ముకోకండి. ఆ లైన్లను మెయిల్‌లోనే విడిగా పెట్టి, "ఈ మూడింటికి మీ సమాధానం కావాలి" అని అడగండి. మొత్తం డాక్యుమెంట్‌కు సమ్మతి అడిగితే ఎవరూ రాయరు, మూడు లైన్లకు అడిగితే రాస్తారు.

క్లయింట్ ఏదైనా తీసేయమంటే, తీసేయగలిగినవి ఉన్నాయి. ఎవరు ఏ స్వరంతో అన్నారు, ఎవరిది తప్పు అన్న వ్యక్తిగత ప్రస్తావనలు మొహమాటం లేకుండా తీసేయండి, అసలు రాయకపోతే ఇంకా మంచిది. కొలిచిన అంకె, జరిగిన తేదీ మాత్రం తీయొద్దు. దాని పక్కన వాళ్ల అభిప్రాయం చేర్చండి. ఇద్దరూ ఒప్పుకున్న తర్వాత తప్పు దొరికితే పాత ఫైల్‌ను దిద్దకుండా, తర్వాతి మినిట్స్‌లో సవరణగా రాయండి.

ఇంకొక జాగ్రత్త. మీ వాళ్లు లోపల చేసిన కామెంట్లు, "ఇది చెప్పొద్దు" లాంటివి, వర్డ్ ఫైల్‌లో ట్రాక్ చేంజెస్ రూపంలో మిగిలి ఉంటాయి. మార్పులన్నీ అంగీకరించి, కామెంట్లన్నీ తొలగించి, పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌ను ఒకసారి తెరిచి చూశాకే పంపండి. లోపలి నోట్స్‌కు మొదటి నుంచీ వేరే ఫైల్ వాడితే ఇంకా నిశ్చింత.

మీ మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు "మెత్తగా రాయను" అనకండి. కాంట్రాక్ట్‌లోని కొలత పేజీ, నెలవారీ లెక్క, పైన ఇచ్చిన రెండు పేరాలు చేతిలో పెట్టి, "క్లయింట్ 99.85 అని రాయమన్నది ఎందుకో ఇదిగో, మన వైపు నిలబడేది ఇది, నిలబడనిది ఇది" అని చూపించండి. ఈ పని ఈ రోజే చేస్తే రేపు డ్రాఫ్ట్ వెళ్తుంది. కాంట్రాక్ట్‌లో కొలత నెలవారీనా, నోటీసుకు ఎన్ని రోజులన్నారు, ఈ రెండూ చూసి ఇక్కడ రాస్తే ఆ పేరాలను మీ కేసుకు సరిపోయేలా మార్చి ఇస్తాను.